మన షాపు గొంతు: రాసే ముగ్గురికీ

పోయిన నెల ఒకే ఏనుగు పిల్ల పుస్తకం గురించి మన పేజీలో మూడు పోస్టులు వచ్చాయి. ఒకదాంట్లో "చిన్నారుల మనోవికాసానికి తోడ్పడే చక్కని పుస్తకం", ఇంకోదాంట్లో "సూపర్ క్యూట్ బుక్ ఫ్రెండ్స్!!!", మూడోదాంట్లో "అమ్మలూ, ఇది కొనకపోతే మిస్సయినట్టే". ప్రతి శనివారం మనవరాలితో వచ్చే తాతగారు "మీకు మూడు బ్రాంచీలు ఉన్నాయా అమ్మా" అని అడిగారు. తప్పు మీది కాదు, ఎలా రాయాలో నేనే ఎప్పుడూ చెప్పలేదు. వాట్సాప్ స్టేటస్ అయినా, ఇన్‌స్టా పోస్టయినా, అరకి అంటించే కార్డయినా ఇక నుంచి ఇలా రాద్దాం.

ఎవరు మాట్లాడుతున్నారు

కౌంటర్ దగ్గర నిలబడి ఉన్న మనిషి, ఆ పుస్తకం నిన్ననే చదివేసిన మనిషి. ఎదురుగా ఒక నాన్నో అమ్మమ్మో ఉన్నారు, పక్కన పిల్ల చెయ్యి లాగుతోంది, వాళ్ల దగ్గర అర నిమిషమే ఉంది. ఆ అర నిమిషంలో నోటితో చెప్పగలిగిందే రాయండి. "మనోవికాసం" అని నోటితో ఎవరం అనం కదా.

పెద్దవాళ్లను "మీరు" అనే అనాలి. పిల్లలతో నేరుగా మాట్లాడే చోట, అంటే కింది అరల కార్డుల మీద, "నువ్వు". మన గురించి "మేము". "అమ్మలూ" అని పిలవొద్దు, మన దగ్గర కొనేవాళ్లలో నాన్నలూ తాతలూ తక్కువేం కాదు. "చిన్నారులు", "బుడతలు", "చిట్టి పొట్టి" వద్దు, పిల్లలు అంటే చాలు.

పుస్తకం లోపల ఏముందో చెప్పండి

పొగడ్త కాదు, పేజీ చెప్పండి. "అద్భుతమైన కథ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఏనుగు పిల్ల బావిలో తన నీడ చూసి ఇంకో ఏనుగనుకుంటుంది, అక్కడ మా షాపులో పిల్లలందరూ నవ్వారు" అంటే అరలోంచి తీసి చూస్తారు. నవ్వకపోతే నవ్వారని రాయొద్దు. చివర ఏమవుతుందో మాత్రం చెప్పకండి.

నీతి చెప్పొద్దు. "ఈ కథతో పిల్లలు నిజాయితీ నేర్చుకుంటారు" లాంటివి, ఫోన్ చూసే పిల్లల మీద దెప్పిపొడుపులు, "మా రోజుల్లో చందమామ ఉండేది" అనే నిట్టూర్పులు, ఇవేవీ వద్దు. చందమామ 1947లో మొదలైన పత్రిక, నాకూ ప్రాణమే, కానీ ఆరేళ్ల పిల్లకి అది తెలియదు, వాళ్ల నాన్నకి మన నిట్టూర్పుతో పని లేదు.

వయసు రాసేటప్పుడు జాగ్రత్త

మనం ఎక్కువగా తప్పుతున్నది ఇక్కడే. "6–8 ఏళ్లు" అని రాసి వదిలేస్తున్నాం. ఇంగ్లీష్ మీడియంలో మూడో తరగతి చదివే పిల్లాడికి తెలుగు గుణింతాలు వచ్చి ఒత్తుల దగ్గర ఆగిపోవచ్చు. అమెరికాలో ఉన్న మనవడికి కొనే అమ్మమ్మది ఇంకో బాధ, వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ అక్షరాలు రావు. అందుకే రెండూ విడిగా రాయండి: "చదివి వినిపిస్తే 4 ఏళ్ల నుంచి. సొంతంగా చదవాలంటే ఒత్తులు వచ్చి ఉండాలి." ఒత్తులు లేని పుస్తకమైతే ఆ మాట మొదటి వాక్యంలోనే రావాలి, షాపులో రోజూ అడిగేది అదే. "ఇంకా ఒత్తులు రాలేదా?" అని ఎవరినీ చిన్నబుచ్చే ధోరణి మాత్రం కనిపించకూడదు.

చిన్న చిన్నవి

అంతా తెలుగు లిపిలోనే, "pillalu kathalu" అని ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు వద్దు. స్కూల్, హోంవర్క్, స్టిక్కర్ లాంటి మాటలు ఎలా అంటామో అలాగే ఉండనివ్వండి, వాటికి తెలుగు వెతకక్కర్లేదు. ఆశ్చర్యార్థకం పోస్టుకి ఒకటి, ఎమోజీ కూడా ఒకటే. ధర దాచొద్దు, "రూ. 80" అని అందరం ఒకేలా రాద్దాం, "డీఎం చేయండి" అనొద్దు. "త్వరపడండి", "స్టాక్ అయిపోతోంది" అని బెదిరించొద్దు. నిజంగా రెండే కాపీలుంటే "రెండున్నాయి" అనండి.

ఎవరైనా కోప్పడితే, ఉదాహరణకి పార్సిల్‌లో పుస్తకం మూల నలిగి వచ్చిందంటే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని బ్యాంకులా జవాబివ్వకండి. "అయ్యో, సారీ అండి. ఫోటో పంపండి, వేరే కాపీ రేపే పంపిస్తాం" అనండి, రేపే పంపండి. వాదన మొదలైతే మీరు ఆపేసి నాకు ఫోన్ చేయండి.

ముగ్గురూ అచ్చం ఒకేలా రాయాలని కాదు. ఒకరికి వంట జోకులు వస్తాయి, ఒకరికి బొమ్మల మీద కన్ను, అవి ఉండనివ్వండి.

చదవని పుస్తకం మీద మాత్రం పోస్టు పెట్టొద్దు. బొమ్మల పుస్తకానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలూ మీ పని గంటల్లోనే రాసుకోండి, డబ్బులిస్తాను.