శనివారం ఒక గంట ముందు రాగలవా అక్కా?

లక్ష్మక్కా, డ్యూటీలో ఉంటావని ఫోన్ చేయకుండా మెసేజ్ పెడుతున్నా. తీరిగ్గా చదువు.

ఈ శనివారం, 29న, తెలుగు భాషా దినోత్సవం కదా. మా హాసిని వాళ్ల స్కూల్లో చిన్న నాటకం వేస్తున్నారు. అందులో మా పాపది బ్రౌన్ దొర వేషం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మొదలవుతుంది. నాకేమో ఆ రోజు మార్నింగ్ డ్యూటీ, రెండు దాకా కదలడానికి లేదు. నీది ఆఫ్టర్‌నూన్. నువ్వు రెండుకు బదులు ఒంటిగంటకు వచ్చి వార్డు తీసుకుంటే నేను వెళ్లి చూసొస్తాను. స్కూలు ఎర్రముక్కపల్లిలోనే, స్కూటీ మీద పావుగంట.

పది రోజుల నుంచి ఇంట్లో అదే గోల అక్కా. కొబ్బరాకులు కత్తిరించి, దారం కట్టి, తాళపత్రాలని బల్ల మీద పేర్చుకుంది. "నేను 1820లో కడపకు వచ్చాను. ఇక్కడే బంగళా కొన్నాను. పండితులకు జీతాలిచ్చి వేమన పద్యాలు వెతికించాను" అని వాళ్ల నాన్న టోపీ పెట్టుకుని అద్దం ముందు చెప్తుంది. "నిఘంటువు" దగ్గర నాలుక తిరగక ఆగిపోతే, మళ్లీ మొదటి నుంచి. మన బ్రౌన్ లైబ్రరీ ముందు నుంచి రోజూ స్కూలుకు పోతుంది కదా, ఆయన తమ వీధి మనిషే అన్నట్టు మాట్లాడుతుంది. వాళ్ల నాన్నకు బెంగళూరులో సెలవు దొరకలేదు. "అమ్మా, నువ్వు కుర్చీలో కూర్చోకపోయినా పర్లేదు, తలుపు దగ్గర నిలబడు, నాకు కనపడితే చాలు" అంది నిన్న రాత్రి. వస్తానని ఇంకా మాటివ్వలేదు. నిన్ను అడగకుండా ఎలా ఇస్తాను?

వార్డు విషయం. నీ నెత్తిన పని పెట్టి పోను. ఒంటిగంట బీపీలు, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులు అన్నీ నేనే రాసేస్తా. నాలుగో బెడ్ షుగర్ పెద్దాయనకు భోజనం ముందు ఇన్సులిన్ చేసి, తిన్నాడో లేదో చూసే కదులుతా. తొమ్మిదో బెడ్ ఆమెకు రక్తం ఎక్కించాల్సి ఉంది. పదకొండు లోపల మొదలుపెట్టగలిగితే సరే, దగ్గరుండి చూసుకుంటా. అంతకన్నా ఆలస్యమైతే, ఆగడానికి వీలుందేమో డ్యూటీ డాక్టర్ని అడిగి, రెండు దాటాక బ్లడ్ బ్యాంకు నుంచి తెప్పించేలా రాయిస్తా. మొదటి పదిహేను నిమిషాలు పక్కనే నిలబడాలి కదా, నువ్వు ఒక్కదానివే ఉన్న గంటలో ఆ టెన్షన్ వద్దు. ఆగకూడదని డాక్టర్ అంటే నేనే ఉండిపోతా, నాటకం సంగతి తర్వాత.

నువ్వు కాస్త కన్నేసి ఉంచాల్సింది పదకొండో బెడ్ డెంగీ అబ్బాయి ఒక్కడి మీదే. జ్వరం తగ్గింది, కానీ తగ్గాకే కదా అసలు భయం. బీపీ పైదానికీ కిందిదానికీ తేడా 20కి దిగినా, కడుపునొప్పి అన్నా, చేతులు చల్లబడినా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చెయ్. వాళ్లమ్మకు కూడా చెప్పి ఉంచుతా. అప్పటికి ఎవరైనా మారినా, డిశ్చార్జ్ అయినా బెడ్ బెడ్‌కూ తిరిగి నీకు చూపించి, మందుల బీరువా తాళం చేతికిచ్చి, రిజిస్టర్‌లో ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాకే బయటికి పోతా.

హెడ్ నర్సు మేడమ్‌కు ఇంకా చెప్పలేదు. నువ్వు సరే అంటేనే పర్మిషన్ లెటర్ రాసి, నీ పేరు పెట్టి సంతకం తీసుకుంటా. రేపు ఎవరూ నిన్ను ప్రశ్నించకూడదు.

వచ్చే నెల మీ అమ్మను కంటి చూపుకు ప్రొద్దుటూరు తీసుకుపోవాలన్నావు కదా. ఆ రోజు నీ డ్యూటీలో ఒక గంట కాదు, ఎంతసేపు కావాలన్నా నేను చూసుకుంటా. తేదీ చెప్పు, ఇప్పుడే రాసి పెట్టుకుంటా. నువ్వు ఈసారి రాలేకపోయినా ఈ మాట మాత్రం ఖాయం.

శనివారం మీ ఇంట్లో ఏదైనా పని ఉంటే మొహమాటపడకుండా కుదరదని చెప్పేయ్ అక్కా. గురువారం సాయంత్రం లోపల చెప్తే చాలు, స్టాఫ్‌లో ఇంకెవరినైనా అడుగుతా. రాత్రి తొమ్మిది తర్వాత నేను ఇంట్లోనే ఉంటా, ఫోన్ చేసినా సరే, మెసేజ్ పెట్టినా సరే.

- నీ చెల్లెలు, రేణుక