మిరప ముడతకు మూడోసారి మందు కొట్టే ముందు ఇది చూడండి

నమస్తే అన్నా, మీరు పెట్టిన ఫొటోలు రెండూ చూశాను. రెండు మందులు కలిపి రెండుసార్లు కొట్టినా ముడత తగ్గలేదంటున్నారు, మూడోసారి ఏం కొట్టాలని అడిగారు. ఒక్కరోజు ఆగండి. ముందు ఆకు ఎటు ముడుచుకుందో చూడాలి, ఎందుకంటే మనం ముడత అని ఒకే మాటతో పిలిచేస్తాం గానీ అది తామర పురుగు వల్ల రావచ్చు, నల్లి వల్ల రావచ్చు, వైరస్ వల్లా రావచ్చు, ఒకదానికి కొట్టే మందు ఇంకోదానికి పనిచేయకపోవచ్చు.

ఆకు అంచులు పైకి లేచి ముడుచుకుంటే ఎక్కువగా తామర పురుగే. అంచులు కిందికి వంగి ఆకు తిరగేసిన పడవలా ఉండి, కాడ మామూలు కంటే పొడుగ్గా సాగితే నల్లి. రేపు పొద్దున్నే ఒక తెల్ల కాగితం తీసుకుని చేనులోకి వెళ్ళండి. లేత కొమ్మ కింద కాగితం పట్టి, చేత్తో మూడు నాలుగు సార్లు తట్టండి. లేత పసుపు రంగులో, సన్నగా పొడుగ్గా, కంటికి ఆనీ ఆనకుండా పాకేవి రాలితే అవి తామర పురుగులు. గట్టు పక్కన మొక్కలే చూసి సరిపెట్టుకోవద్దు, చేను నాలుగు మూలలా, మధ్యలో కూడా చూడండి. నల్లి మాత్రం ఉత్త కంటికి కనబడదు, లేతాకు అడుగున భూతద్దం పెట్టి చూడాల్సిందే.

నల్లి అని తేలితే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి ఎన్నిసార్లు కొట్టినా డబ్బు దండగే, దానికి నల్లి మందే కావాలి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు కొడితే నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చిపోయి అది ఇంకా పెరుగుతుంది. చాలా చోట్ల జరిగేది ఇదే, మందు పనిచేయలేదని ఇంకా ఘాటైనది తెచ్చి కొట్టేస్తారు.

ఆకులు చిన్నవై, ముడతలు పడి, కణుపులు దగ్గరై మొక్క గిడసబారిందంటే వైరస్ అనుమానించాలి. దాన్ని నయం చేసే మందు లేదన్నా. అలాంటి మొక్కలు కొన్నే ఉంటే పీకేసి, దాన్ని మోసే తెల్లదోమను అదుపు చేయడమే దారి. ఏదైనా సరే, ఇప్పుడు అదనంగా యూరియా మాత్రం వేయకండి, లేత చిగురు ఎక్కువైతే రసం పీల్చే పురుగులకు ఇంకా అనువు.

ఇంతకు మించి నేను చెప్పలేను. మీ ఫొటోలు రెండూ పైనుంచి తీసినవి, ఆకు అడుగు కనబడట్లేదు. పైగా ఒకే మొక్క మీద తామర పురుగు, నల్లి రెండూ ఉండొచ్చు. కొట్టిన మందుల పేర్లు కూడా మీరు రాయలేదు, అవి తెలియకుండా ఫలానాది ఇంత మోతాదు అని చెప్పడం తప్పు, రేపు పంట మీది. ముడత పడ్డ కొమ్మలు రెండు మూడు కవర్లో వేసుకుని, కొట్టిన మందుల డబ్బాలు కూడా పట్టుకెళ్ళి మీ వ్యవసాయ అధికారికి చూపించండి.

ఈలోగా ఆకు అడుగు ఫొటో, తట్టిన కాగితం ఫొటో, మందుల పేర్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.