ప్యాంటు పొట్టయింది

పెద్దాడు 13 ఏళ్లకే ఒక్క ఊపున ఎదిగాడు. ఏడో తరగతిలో వరస మధ్యలో నిలబడ్డవాడు తొమ్మిదికి వచ్చేసరికి చివరికి వెళ్లిపోయాడు. మీసం కూడా అందరికంటే ముందే వచ్చింది. 16 నిండేటప్పటికి 168 సెంటీమీటర్లు. అక్కడితో ఆగిపోయాడు కూడా. ఆ సంగతి మాత్రం వాడికి అప్పట్లో తెలీదు, ఇంకా పెరుగుతాననే అనుకున్నాడు.

చిన్నాడు వాడికంటే రెండేళ్లు చిన్న. తొమ్మిదిలో కూడా వరసలో మొదటివాడే. క్లాసు ఫొటోలో కింద కూర్చోబెట్టేవాళ్లు. ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్లు "అమ్మా, సార్ ఉన్నారా?" అనేవాళ్లు. ఎవరింటికైనా వెళ్తే పెద్దాణ్ణి కాలేజీ కబుర్లు అడిగి, చిన్నాడి బుగ్గ పట్టుకుని "ఆరో క్లాసా నాన్నా?" అనడం మామూలైపోయింది. "పదికి వెళ్తున్నా" అని వాడు చెప్పగానే వాళ్ల మొహాల్లో ఒక తడబాటు కనబడేది. ఆరు అనుకున్నందుకంటే ఆ తడబాటుకే వాడు ఎక్కువ నొచ్చుకునేవాడు.

పెద్దాడు చెడ్డవాడేం కాదు. కాకపోతే ఎత్తు ఉన్నవాడికి అది ఎంత సుఖమో ఊరికే తెలిసిపోతుంది. టీవీ రిమోట్ కోసం గొడవొస్తే వాదించాల్సిన పనే లేదు, చెయ్యి పైకెత్తి పట్టుకుంటే చాలు. చిన్నాడు ఎగిరి ఎగిరి ఆయాసపడి, చివరికి అన్న చంకలో చక్కిలిగింతలు పెట్టేవాడు. ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు తమ్ముడు పక్కనుంటే మోచెయ్యి తీసి వాడి తలమీద ఆనించడం పెద్దాడికి అలవాటు. ఇక అన్నకి పొట్టయిన ప్యాంట్లన్నీ తమ్ముడికే. అమ్మ కింద మడిచి కుట్టేది. ఆ మడతలు విప్పే అవసరం వచ్చేలోపే మోకాళ్ల దగ్గర చిరిగిపోయేవి.

"రాడ్డుకి వేలాడరా, పెరుగుతావు" అని ఒకరోజు పెద్దాడు మాటవరసకి అన్నాడు. తమ్ముడు నిజమనుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కేదాకా వేలాడాడు. మర్నాడు లేవగానే టేపు పట్టుకుని గోడ దగ్గర నిలబడితే దాదాపు ఒక సెంటీమీటరు పెరిగినట్టు చూపించింది. ఇల్లంతా గంతులేశాడు. సాయంత్రం మళ్లీ కొలిస్తే ఆ సెంటీమీటరు లేదు. పొద్దంతా నిలబడి, నడిచి, కూర్చునేసరికి వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లలు కాస్త అణిగిపోతాయి, రాత్రి పడుకుంటే మళ్లీ ఉబ్బుతాయి. ఇది అందరికీ రోజూ జరిగేదే. చిన్నాడికి మాత్రం ఎవరో దొంగతనం చేసినట్టు అనిపించింది. ఆ రాత్రి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. పెద్దాడు రిమోట్ తెచ్చి పక్కన పెట్టాడు గానీ వాడు ముట్టుకోలేదు.

15 ఏళ్లకి 148 సెంటీమీటర్లు ఉంటే నాన్నకి టెన్షన్ పట్టుకుంది. పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. తోడుగా పెద్దాడూ వెళ్లాడు. డాక్టర్ చిన్నాడి పాత కొలతలన్నీ చూసి, ఏటా ఐదు సెంటీమీటర్ల చొప్పున పెరుగుతూనే ఉన్నాడు కదా అని, నాన్నవైపు తిరిగి "మీరెప్పుడు పొడుగయ్యారు?" అని అడిగాడు.

నాన్న కాస్త సిగ్గుపడ్డాడు. "కాలేజీలో చేరాకేనండీ. అప్పటిదాకా నన్నూ ముందు బెంచీలోనే కూర్చోబెట్టేవాళ్లు."

ఇంట్లో ఇన్నాళ్లూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు ఆయన. ముందే చెప్పుంటే ఎన్ని రాత్రులు మిగిలేవో!

రక్తపరీక్షలు చేశారు, తేడా ఏమీ కనబడలేదు. ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు. డాక్టర్ దాన్ని వెలుగులో పెట్టి, వేళ్ల ఎముకల చివర్న, మణికట్టు దగ్గర నల్లటి సన్న గీతల్లాంటి ఖాళీలు చూపించాడు. "ఎముక పొడుగయ్యేది ఇక్కడే. ఇవి మూసుకుపోతే ఇక పెరగడం ఉండదు. మీవాడికి 15 అయినా ఎముకల వయసు పన్నెండున్నరే. లోపల గడియారం ఆలస్యంగా నడుస్తోంది, అంతే." తర్వాత కాగితం మీద నాన్న ఎత్తు 172, అమ్మ ఎత్తు 157 వేసి, మగపిల్లాడు కాబట్టి 13 కలిపి, సగం చేశాడు. 171. "కొంచెం అటూ ఇటూ కావచ్చు. మందులేం వద్దు. తిననివ్వండి, నిద్రపోనివ్వండి."

పెద్దాడు ఉండబట్టలేక "మరి నావి, డాక్టర్?" అన్నాడు.

డాక్టర్ వాడి గడ్డం వైపు చూసి నవ్వాడు. "ఏడాదిగా ఏమైనా పెరిగావా?"

"లేదు."

"మరింకేం, నీది దాదాపు అయిపోయినట్టే."

తిరిగొస్తున్నంతసేపూ చిన్నాడు ఆ ఎక్స్‌రే కవరు ఎవరికీ ఇవ్వలేదు. పెద్దాడు 168లోంచి 171 తీసేసి, మళ్లీ 171లోంచి 168 తీసేసి చూసుకున్నాడు.

మార్పు ముందు చెప్పుల దగ్గర కనబడింది. ఒకరోజు పెద్దాడు హడావుడిలో బూట్లు తొడుక్కుని బయటికెళ్లి, అవి తమ్ముడివని అరగంట తర్వాత గ్రహించాడు. వాడి తల ఇంకా అన్న భుజం దగ్గరే ఉంది, పాదాలు మాత్రం అన్నవాటితో సమానమైపోయాయి. ఎదిగే వయసులో పాదాలు, చేతులు ముందు పరుగెడతాయి, తర్వాత కాళ్లు, నడుం పైభాగం ఆఖరున. కొన్నాళ్లు చిన్నాడు తన కాళ్లు తనవి కానట్టు నడిచాడు. బల్లలకి మోకాళ్లు తగిలించుకున్నాడు, గొంతు ఒక వాక్యంలో రెండుసార్లు మారేది. ఎంత తిన్నా ఆకలే. 16 ఏళ్లకి 154, 17కి 164, ఆ తర్వాత కూడా ఆగలేదు.

అప్పటికి పెద్దాడు చదువు కోసం హాస్టల్లో ఉన్నాడు. ఫోన్‌లో అమ్మ చెబుతూనే ఉంది, "చిన్నాడు నీ అంత అయ్యాడురా" అని. వినడం వేరు, చూడటం వేరు. సెలవులకి వచ్చి గుమ్మంలో బ్యాగు దించి, అలవాటుకొద్దీ మోచెయ్యి లేపాడు. అక్కడ తల లేదు. మోచెయ్యి వెళ్లి వాడి ఛాతీకి తగిలింది. "ఏంట్రా, పొడుస్తున్నావ్?" అంది కొత్త గొంతు.

అమ్మకి ఎప్పుడూ కొలవాలనే సరదా. ఇద్దర్నీ వీపులు ఆనించి నిలబెట్టింది. ఇద్దరి తలల మీదా లావుపాటి పుస్తకం పడుకోబెట్టి, కళ్లద్దాలు పైకి తోసుకుని చూసింది.

"సమానంగా ఉన్నారే!" అంది.

పెద్దాడికి హాయిగా అనిపించింది. మరుక్షణంలో అనుమానం వచ్చింది. వెనకనుంచి తన కాళ్లకి తమ్ముడి మోకాళ్లు మెత్తగా తగలడం లేదు, మడిచినట్టు కాస్త దూరంగా ఉన్నాయి. మెడ తిప్పకుండానే అన్నాడు:

"మోకాళ్లు తిన్నగా పెట్టరా."

"తిన్నగానే ఉన్నాయి అన్నయ్యా."

"పెట్టమన్నానా?"

పుస్తకం ఒకవైపు లేచి, పెద్దాడి నెత్తిమీదుగా జారి కింద పడింది. మూడు సెంటీమీటర్లు. టేపుతో మళ్లీ కొలిచినా మూడే. చిన్నాడు నవ్వలేదు. అన్న ఏమంటాడో అని చూస్తూ నిలబడ్డాడు. రిమోట్ రోజుల్లో ఎగిరినప్పుడు ఉండే చూపే అది. పెద్దాడికి తలెత్తి చూడాల్సి రావడం కొత్త.

"జుట్టు నీకే ఎక్కువుంది, సగం అదే" అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

రాత్రి బట్టలు సర్దుతుంటే చిన్నాడు ఒక నీలం ప్యాంటు తెచ్చి మంచమ్మీద పెట్టాడు. నిరుడు కొన్నదట, చీలమండ పైకి వచ్చేసిందట. "నీకు సరిపోతుందేమో చూడు" అని, అడిగినందుకు తప్పేమోనన్నట్టు బయటికెళ్లబోయాడు. పెద్దాడు అక్కడే తొడుక్కున్నాడు. నడుం సరిపోయింది, పొడవూ సరిపోయింది.

"ఇంకా పెరుగుతావా?"

"రెండు మూడు సెంటీమీటర్లు ఉండొచ్చన్నాడు డాక్టర్."

"అయితే ఇప్పుడు వేసుకున్నవి జాగ్రత్తగా వాడు. మోకాళ్ల దగ్గర చింపావంటే ఊరుకోను."

"నువ్విచ్చినవన్నీ చిరిగినవే కదరా!"

"ఒరేయ్, అన్నయ్యా అను."