విషయం: జూన్ 30తో ఇంటర్న్‌షిప్ ముగుస్తోంది, క్యూసీ ల్యాబ్‌లో ఉద్యోగం గురించి

నమస్తే మేడమ్,

ఈ మాట మిమ్మల్ని ఎదురుగానే అడుగుదామనుకున్నాను. కానీ మీరు ల్యాబ్‌లోకి వచ్చేసరికి బయట ట్యాంకర్ అయినా ఆగి ఉంటుంది, మీ చేతిలో ఫోనైనా మోగుతూ ఉంటుంది. నిలబడి రెండు ముక్కల్లో తేల్చుకునే విషయం కాదని మెయిల్ రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదవండి.

ఈ నెల 30తో నా ఇన్‌ప్లాంట్ ట్రైనింగ్ అయిపోతుంది. ఆ తర్వాత కూడా ఇక్కడే, మన క్యూసీ ల్యాబ్‌లోనే ఉద్యోగంలో చేరాలని ఉంది. అందుకు వీలుందో లేదో జూన్ 18 లోపు చెప్పగలిగితే నాకు చాలా మేలవుతుంది.

ఆ తేదీ ఎందుకో కూడా చెప్పాలి. హైదరాబాద్ దగ్గర ఒక ఐస్‌క్రీమ్ ప్లాంటు వాళ్లు తిరుపతిలో మా డెయిరీ టెక్నాలజీ కాలేజీకి ఇంటర్వ్యూలకు వచ్చారు. ప్రొడక్షన్ ట్రైనీగా నాకు ఆఫర్ ఇచ్చారు. 20వ తేదీలోగా సంతకం పెట్టి పంపాలి. దీన్ని చూపించి మీ దగ్గర బేరమాడే ఉద్దేశం నాకు లేదు. అక్కడ సంతకం పెట్టాక ఇక్కడి నుంచి పిలుపొస్తే మాత్రం ఇరకాటంలో పడతాను. ఒప్పుకుని వెళ్లకపోతే ఆ కంపెనీ వచ్చే ఏడాది మా జూనియర్ల కోసం మళ్లీ రాకపోవచ్చు. అందుకే ముందే మీ చెవిన వేస్తున్నాను.

మేలో సి షిఫ్ట్ కెమిస్ట్ గారు మానేశాక ఆ పోస్టు ఇంకా భర్తీ కాలేదు. మిగతావాళ్లు డబుల్ డ్యూటీలు చేస్తూ లాక్కొస్తున్నారు. నేను అడిగేది ఆ ఖాళీ గురించే. దానికి వేరే ఎవరినైనా అనుకుని ఉంటే ఆ మాట చెప్పినా చాలు.

నా పని మీకు తెలియనిది కాదు. కానీ హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు మీ దగ్గర వివరాలు ఉంటాయని కొన్ని రాస్తున్నాను.

రిసెప్షన్ డాక్‌లో ట్యాంకర్ శాంపిల్ తీయడం, టెంపరేచర్, సీఓబీ, ఆమ్లత, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్, కల్తీ పరీక్షలు ఇప్పుడు ఎవరూ పక్కన లేకుండానే చేస్తున్నాను. మే ఎండల్లో బి షిఫ్ట్‌లో వచ్చిన ట్యాంకర్ మీకు గుర్తుండే ఉంటుంది. సీఓబీలో పాలు విరగలేదు, ఆమ్లత కూడా మామూలుగానే ఉంది. కానీ అంత వేడిలో, అంత ఆలస్యంగా వచ్చిన పాలు అంత శుభ్రంగా ఉండటమే నాకు అనుమానం తెప్పించింది. రోజాలిక్ ఆమ్లం వేస్తే ట్యూబ్ గులాబీ రంగుకు తిరిగింది. మంచి పాలైతే గోధుమ రంగులోనే ఉండాలి. పులుపు దాచడానికి ఎక్కడో సోడా కలిపారని తెలిసిపోయింది. డ్రైవర్ కిందామీదా పడ్డాడు, ప్రొక్యూర్‌మెంట్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. కంపార్ట్‌మెంట్లవారీగా మళ్లీ శాంపిల్ తీసి చూస్తే వెనక కంపార్ట్‌మెంట్‌లోనే తేడా ఉంది. మీకు ఫోన్ చేసి, మీరు సరేనన్నాకే ముందుది దింపించి వెనకది తిప్పి పంపాం. ఆ రోజు భయపడలేదంటే అబద్ధం. కానీ ఈ పని నాకు సరిపోతుందని తేలింది కూడా ఆ రోజే.

రెండోది మిల్క్ అనలైజర్ సంగతి. రోజూ కొన్ని శాంపిళ్లను గెర్బర్‌లో కూడా పెట్టి సరిచూడమన్నారు కదా, ఆ రిజిస్టర్ నేనే రాస్తున్నాను. గేదె పాలలో ఫ్యాట్ ఎక్కువున్నప్పుడు మెషిన్ ఒక పాయింట్ తక్కువ చూపిస్తోందని బయటపడింది అందులోనే. ఒక పాయింటే కదా అనిపిస్తుంది. కానీ రైతుకు డబ్బు కట్టేది ఆ పాయింట్ల మీదే. మా ఇంట్లోనూ రెండు గేదెలున్నాయి, సెంటర్‌లో స్లిప్ చేతికొచ్చినప్పుడు మా నాన్న ముందు చూసేది ఆ అంకెనే. సర్వీస్ ఇంజనీర్ వచ్చి క్యాలిబ్రేషన్ సరిచేశాక రెండు రీడింగులూ కలుస్తున్నాయి.

ఇక పెరుగు ప్యాకెట్లు. పుల్లగా ఉంటోందని, పైన నీరు తేరుతోందని ఏప్రిల్‌లో డీలర్ల నుంచి ఫిర్యాదులు వచ్చినప్పుడు తోడు కల్చర్‌నే అనుమానించాం. క్రేట్ల దొంతరలో మధ్యవి, అంచువి విడివిడిగా టెంపరేచర్ తీసి రాసుకుంటే, కోల్డ్ రూమ్‌లో పెట్టి గంటలు గడిచాక కూడా మధ్య క్రేట్లు వెచ్చగానే ఉన్నాయి. తోడుకున్న పెరుగు చల్లబడక ఇంకా పులుస్తూనే ఉందన్నమాట. దొంతరల మధ్య గాలి ఆడేలా ఖాళీ వదలడం మొదలుపెట్టాక ఫిర్యాదులు తగ్గాయి. ఇందులో సగం మాట కోల్డ్ రూమ్ అన్నలదే. వాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నదాన్ని నేను కాగితం మీద అంకెల్లో పెట్టాను.

మైక్రోబయాలజీలో మాత్రం నాకు ఇంకా చేయి తిరగలేదు. మీడియా తయారీ, ప్లేటింగ్ చేస్తాను గానీ కౌంట్ మీద సంతకం పెట్టే ధైర్యం రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ పోస్టుకు అదే ముఖ్యమైతే ఇప్పుడే తెలియడం మంచిది.

ఒకవేళ అవకాశం ఉంటే నాలుగు విషయాలు తెలుసుకోవాలని ఉంది. ఉద్యోగం కంపెనీ రోల్స్‌లోనా, కాంట్రాక్టర్ కిందా? పీఎఫ్ మొదటి నెల నుంచే ఉంటుందా? ప్రొబేషన్ ఎన్ని నెలలు? చేతికొచ్చే జీతం సుమారుగా ఎంత? ఇంకో ఏడాది స్టైపెండ్ మీద అప్రెంటిస్‌గా ఉండమంటే మాత్రం నాకు కష్టం మేడమ్. చెల్లి ఈ ఏడాది డిగ్రీలో చేరుతోంది, ఇంట్లో నా జీతం లెక్కలోకి వచ్చేసింది. రోల్స్‌లో తీసుకుంటామంటే, ఐస్‌క్రీమ్ ప్లాంటు వాళ్లు చెప్పినదానికంటే కాస్త తక్కువైనా ఇక్కడే ఉంటాను. హాస్టల్ ఖర్చు ఉండదు, పైగా నేర్చుకుంటున్న పనిని మధ్యలో వదిలి వెళ్లాలని లేదు.

సి షిఫ్ట్‌కు నాకు అభ్యంతరం లేదు. సమ్మతి రాసిమ్మంటే రాసిస్తాను. రాత్రి రానూపోనూ కంపెనీ బండి ఉంటే ఇంట్లో నేను చెప్పుకోగలను, అది లేకపోతే అమ్మ ఒప్పుకోదు.

చివరి సెమిస్టర్ ఫలితాలు, ప్రొవిజినల్ సర్టిఫికెట్ జూలైలో వస్తాయని కాలేజీలో చెప్పారు. అప్పటిదాకా మార్కుల మెమోలు, బోనఫైడ్ ఇవ్వగలను. ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, ట్రైనింగ్ లాగ్‌బుక్‌లో మీ సంతకం, కంప్లీషన్ సర్టిఫికెట్ 30వ తేదీకి నాకు కావాలి. లాగ్‌బుక్ మే నెలాఖరు వరకు పూర్తిచేసి మీ టేబుల్ మీద నీలం ఫైల్‌లో పెట్టాను.

ఈ వారం నాకు ఎ షిఫ్ట్. మధ్యాహ్నం రెండింటికి దిగాక ఎంతసేపైనా ఆగుతాను. బుధవారం ఆడిట్ పనిలో ఉంటారు కాబట్టి గురువారం మీకు ఒక పది నిమిషాలు వీలవుతుందా? హెచ్‌ఆర్ సార్‌ను నేను విడిగా కలవలేదు. మీకు చెప్పకుండా అక్కడికి వెళ్లడం బాగుండదనిపించింది. కలవమంటే కలుస్తాను.

ఇట్లు,
లావణ్య
ఇంటర్న్, క్యూసీ ల్యాబ్