మంగళవారం నుంచి లెక్కల క్లాసు ఎందుకు జరగలేదంటే

అందరికీ నమస్తే. పిల్లల అమ్మానాన్నలకీ, మనతో పాటు పాఠాలు చెప్పే అన్నలకీ అక్కలకీ కలిపి ఒకే మెసేజ్ పెడుతున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. పోయిన మంగళవారం నుంచి ఆదివారం దాకా సింగ్ నగర్ హాల్లో పదో తరగతి లెక్కల క్లాసు జరగలేదు. నేను విజయవాడలో లేను, హాలు తాళం కూడా నా బ్యాగులోనే ఉండిపోయింది, రాలేనని ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం మా నాన్నని పాము కరిచింది. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. కోతలు అయ్యి పనలు ఆరుతున్నాయి, వాటిని తిరగేస్తుంటే ఒక పన కింద రక్తపింజరి ఉంది, కుడి చేతి మీద కాటేసింది. అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను, అట్నుంచి అటే బస్టాండుకి వెళ్ళిపోయాను. ఊళ్ళో ఎవరో చెయ్యి గట్టిగా బిగించి కట్టమన్నారట, ఇంకొకరు పసరు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామన్నారట, అన్నయ్య ఎవరి మాటా వినకుండా చెయ్యి కదలకుండా పట్టుకుని నేరుగా సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నాన్న ఇవాళ మాట్లాడుతున్నాడంటే అందువల్లే.

మీలో చాలామంది దివిసీమ వైపు నుంచి వచ్చినవాళ్ళే, కోతలకి ఇప్పటికీ వెళ్ళొస్తుంటారు, అందుకే అక్కడ చూసింది కూడా రాస్తున్నాను. ముందు కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టారు. గడ్డ కట్టకపోతే విషం రక్తంలో పని చేస్తోందని అర్థమట. నాన్నది గడ్డ కట్టలేదు, నీళ్ళలాగే ఉంది. వెంటనే సెలైన్‌లో పది వయల్స్ విషానికి విరుగుడు మందు ఎక్కించారు. మధ్యలో ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి వణుకు పుట్టింది, మందు కాసేపు ఆపి, ఇంజెక్షన్ చేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఆరు గంటల తర్వాత మళ్ళీ అదే పరీక్ష, ఇంకా గడ్డ కట్టలేదు, మళ్ళీ మందు. ఆ రాత్రి అలా గడిచింది. ఈ మందు సర్కారు ఆసుపత్రుల్లో డబ్బు లేకుండానే ఇస్తారు, పాము ఏదో గుర్తుపట్టాల్సిన పని కూడా లేదు, నాగుపాముకీ కట్లపాముకీ రక్తపింజరికీ ఒకే మందు పని చేస్తుంది. దయచేసి పాముని వెతకడానికీ చంపడానికీ టైం పోగొట్టకండి.

బుధవారానికి రక్తం గడ్డ కట్టడం మొదలైంది కానీ మూత్రం తగ్గిపోయింది. రక్తపింజరి విషం కిడ్నీల మీద పడుతుందని డాక్టరు ముందే చెప్పారు. బందరు తీసుకెళ్ళాం, అక్కడ రెండుసార్లు డయాలసిస్ చేశారు. ఎంత నీళ్ళు తాగాడు, ఎంత మూత్రం వచ్చింది, గంట గంటకీ కొలిచి కాగితం మీద రాయడం నా పని. మిగతా టైమంతా రిపోర్టుల కోసం ల్యాబ్ చుట్టూ తిరగడం, నాన్న దగ్గర అమ్మని కూర్చోబెట్టి కాస్త తినిపించడం.

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఛార్జింగ్ ఉంది, సిగ్నల్ ఉంది. పెదనాన్నకీ అత్తయ్యలకీ ఆఫీసుకీ అందరికీ చేశాను. క్లాసు సంగతి మాత్రం అసలు బుర్రలోకి రాలేదు, చెప్పాలనుకుని వాయిదా వేసింది కూడా కాదు, పూర్తిగా మర్చిపోయాను. తెలియని నంబర్లు వస్తే ఎత్తలేదు, గ్రూపులన్నీ మ్యూట్‌లో పెట్టేశాను. ఆదివారం రాత్రి నాన్న కాస్త కుదుటపడ్డాక మెసేజ్‌లు తెరిస్తే అప్పుడు తెలిసింది, పిల్లలు మంగళవారం, బుధవారం రెండు రోజులూ వచ్చి హాలు మెట్ల మీద కూర్చుని చీకటి పడ్డాక వెళ్ళారని.

అందులో ఒక పాప ఇల్లు కాలువ అవతల. వాళ్ళమ్మగారు ఎనిమిదింటికి వెతుక్కుంటూ వచ్చారట, చాలా కోపంగా మెసేజ్ పెట్టారు. అమ్మా, మీ కోపంలో తప్పేం లేదు. మీరు పాపని పంపేది మేం అక్కడ ఉంటామన్న నమ్మకంతో. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి మీరు సర్దుకుపోవాలని నేను అనను, మీరు ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ మీది. నన్ను క్షమించండి. మీరు సరేనంటే రేపు ఇంటికి వచ్చి మాట్లాడతాను.

గురువారం బడిలో లెక్కల పరీక్ష ఉందని, వర్గ సమీకరణాల నుంచే ఎక్కువ ఇచ్చారని పిల్లలు రాశారు. మనం కారణాంకాలుగా విడగొట్టే పద్ధతి దగ్గర ఆగాం, సూత్రంతో మూలాలు కనుక్కోవడం, b² − 4ac విలువ బట్టి మూలాల స్వభావం చెప్పడం మొదలే కాలేదు. ఆ పరీక్షలో మార్కులు తక్కువ వచ్చినవాళ్ళని ఇంట్లో ఏమీ అనకండి, అది చెప్పని పాఠం. ఈ శనివారం, ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా క్లాసు పెడతాను, శనివారం సూత్రం, ఆదివారం పరీక్ష పేపరు మొత్తం మొదటి నుంచి చేయిస్తాను. పేపర్లు తెచ్చుకోమని చెప్పండి, తప్పులు కొట్టేయకుండా అలాగే తెస్తే ఇంకా మంచిది, ఎక్కడ ఆగిపోయారో నాకు తెలుస్తుంది.

ఇంక తాళం. అది ఒక్కరి దగ్గరే ఉండటం అసలు సమస్య, నేను కాకపోతే ఇంకొకరికి ఇలాంటిదే జరుగుతుంది. ఇవాళ రెండు డూప్లికేట్లు చేయించాను. ఒకటి సైన్స్ చెప్పే అక్క దగ్గర, ఇంకొకటి హాలు ఎదురు కిరాణా కొట్టు బాబాయ్ దగ్గర ఉంటుంది, ఆయన ఒప్పుకున్నారు. ఆరుంపావుకల్లా పాఠం చెప్పేవాళ్ళు ఎవరూ రాకపోతే బాబాయ్ తాళం తీసి పిల్లల్ని లోపల కూర్చోబెట్టి మన నలుగురిలో ఎవరికైనా ఫోన్ చేస్తారు, మన నంబర్లు కొట్లో గోడ మీద రాసి వచ్చాను. ఎవరమూ రాలేమని తేలితే ఇళ్ళకి ఫోన్ చేసి చెప్పాకే పిల్లల్ని పంపుతారు. అన్నలూ అక్కలూ, ఇందులో మార్చాల్సింది ఏమైనా ఉంటే రాత్రికి చెప్పండి.

నాన్న ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. మూత్రం మామూలుగా వస్తోంది, చేతి వాపు తగ్గుతోంది, క్రియాటినిన్ దిగుతోంది కానీ ఇంకా కొన్నాళ్ళు చూడాలన్నారు. అన్నయ్య అక్కడ ఉన్నాడు. ఈ వారం మధ్యలో నేను మళ్ళీ వెళ్ళాల్సి రావచ్చు, అప్పుడు లెక్కలు చెప్తానని ఇంగ్లీషు చెప్పే అన్న మాట ఇచ్చాడు, శని ఆదివారాలు కుదరకపోయినా ఆయనే చూసుకుంటాడు. రేపు సాయంత్రం మాత్రం ఆరింటికి నేనే ఉంటాను, పిల్లల్ని పంపండి.