కురిసే ఇల్లు

సీన్ 14
ఇంటీరియర్ – పాత పెంకుటిల్లు, మండువా – సాయంత్రం
అంబాజీపేట దగ్గర ఊరు

నలుపలకల మండువా. పైన ఖాళీలోంచి మబ్బు పట్టిన ఆకాశం కనిపిస్తోంది. మూల వాలుకుర్చీ, దాని చేతి మీద తువ్వాలు ఇంకా అలాగే ఉంది. సుజాత (43) చాప మీద కూర్చుని రేకు పెట్టెలోంచి కాగితాలు తీసి సర్దుతోంది. రవి (38) స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. బ్యాగు ఇంకా భుజానికే ఉంది.

సుజాత
లింకు డాక్యుమెంట్లు ఇవి. ఈసీ తీయించాను. ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఇక నీ సంతకమే.

రవి
అన్నీ సిద్ధం చేసి పిలిచావన్నమాట. భోజనానికి రమ్మన్నట్టు.

సుజాత
పన్నెండు సెంట్లు. సెంటు అయిదు లక్షలకి అడుగుతున్నారు. గుమ్మాలు, స్తంభాలు టేకువి కదా, కలప బేరం వేరే.

రవి
(స్తంభం మీంచి చెయ్యి తీస్తూ)
స్తంభాలకి కూడా బేరమా? బావ చెప్పమన్నాడా ఈ లెక్కలన్నీ?

సుజాత చేతిలో కాగితం ఆగిపోతుంది.

సుజాత
నేనివాళ ఇక్కడికి వచ్చినట్టే ఆయనకి తెలీదు. ఆ మాట ఇంకోసారి అనకు.

రవి
మరి ఎందుకే అంత తొందర? నాన్న పోయి పది నెలలు కాలేదు.

దూరంగా ఉరుము. సుజాత కాగితాలు పెట్టెలో వేసి మూత పెడుతుంది. లేచి వంటింట్లోకి వెళ్తుంది.

రవి
(గొంతు పెంచి)
96 తుఫానుకి వీధి వీధంతా ఈ ఇంట్లోకే వచ్చింది. గుర్తుందా? గుడిసెలు ఎగిరిపోయినవాళ్లందరికీ నాన్న ఇక్కడే గంజి కాయించాడు. అలాంటి ఇల్లు పడగొట్టి ఎవడో మేడ కట్టుకుంటాడా?

సుజాత ఒక గిన్నె, ఒక తప్పేళా, బకెట్టు పట్టుకుని వస్తుంది.

సుజాత
నీకు తొమ్మిదేళ్లు. వడ్ల బస్తాల మీద నిద్రపోయావు. లాంతరు పట్టుకుని నాన్న వెనకాల తిరిగింది నేను. కురిసిన చోటల్లా గిన్నె పెట్టాం.

వాన మొదలవుతుంది. సుజాత పైకి చూడకుండానే గిన్నె దేవుడి గది గుమ్మం పక్కన, తప్పేళా వాలుకుర్చీ వెనక, బకెట్టు గాదె దగ్గర పెడుతుంది. పెట్టిన క్షణానికి ఒక్కోదాంట్లో చుక్క పడుతుంది. టంగ్. టంగ్.

సుజాత
ఇప్పటికీ అవే చోట్లు. పోయినేడు పెంకులు నేయిస్తే నలభై వేలయింది. నువ్వు పదివేలు పంపావు.

రవి
అడిగితే పంపేవాణ్ణి.

సుజాత
అడగాలా? ప్రతి ఆదివారం రావులపాలెం నుంచి రెండు బస్సులు మారి వస్తాను. తలుపులు తీస్తాను, తుడుస్తాను, చెదలు చూస్తాను, మళ్లీ తాళం వేస్తాను. సంక్రాంతికి నువ్వొచ్చేసరికి గుమ్మానికి మామిడాకులు, గడపకి పసుపు. ఇల్లు బాగుందక్కా అని ఫొటోలు తీసుకుని వెళ్తావు.

రవి
(మెల్లగా)
ఏ ఊరు మనదని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?

సుజాత
అంబాజీపేట అని చెప్పు. ఆధార్ కార్డులో అదేగా ఉంది.

రవికి నవ్వొచ్చి ఆగిపోతుంది.

సుజాత
పోనీ, నా సగం నువ్వు కొనుక్కో. ముప్ఫై లక్షలు. ఇల్లు నీదే, నేను సంక్రాంతికి వస్తాను. పిండివంటలు కూడా నేనే తెస్తాను.

రవి బ్యాగు దించుతాడు. సమాధానం లేదు.

రవి
ఫ్లాట్ ఈఎంఐ... ఇంకా పదకొండేళ్లుంది.

సుజాత
నాకు బుజ్జి ఇంజినీరింగ్ ఫీజుంది. డబ్బు కోసమే అమ్ముతున్నాను, నీ దగ్గర దాచేదేముంది. నువ్వు మాత్రం నాన్న కోసమన్నట్టు మాట్లాడకు. నీ లోటు నీకుంటే నీదని చెప్పు.

రవి
చివరి నెలంతా రాలేకపోయాను అక్కా. ఇదీ పోతే...

పూర్తి చేయడు. సుజాత అతన్ని చూసి, చూపు తిప్పుకుంటుంది. వాన పెద్దదవుతుంది. మండువాలో నీళ్లు తూము వైపు సుడి తిరుగుతున్నాయి.

సుజాత
నాన్న అడగలేదురా. వాడికి ఆఫీసులో టెన్షన్లు, రమ్మనకండి అన్నాడు.

రవి
అలా అన్నాడా?

సుజాత
(ఒక క్షణం తర్వాత)
ఒకసారి అన్నాడు.

రేకు పెట్టె మూత మీద టప్‌మని చుక్క. ఇద్దరూ పైకి చూస్తారు. కొత్త చోటు. సుజాత చేతిలో గిన్నెలు అయిపోయాయి.

రవి పరుగున వంటింట్లోకి వెళ్లి రాగి చెంబు తెస్తాడు. పెట్టెను పక్కకి జరిపి, అంచనాగా చెంబు పెడతాడు. చుక్క జానెడు అవతల పడుతుంది. జరుపుతాడు. మళ్లీ తప్పుతుంది.

సుజాత నిలబడ్డచోటు నుంచే కాలు చాపి, బొటనవేలితో చెంబును కొంచెం ఎడమకి నెడుతుంది.

టంగ్.

రవి పెట్టె పక్కనే చాప మీద చతికిలబడతాడు.

రవి
ఆ వాలుకుర్చీ కలప లెక్కలో కలపలేదుగా?

సుజాత
లేదు.

కట్.