పిన్ని రక్తపరీక్ష రిపోర్టు: రేంజి దాటినవి

బాబాయ్, పిన్ని రిపోర్టు ఫొటోలు నాలుగూ చూశాను. "టెన్షన్ పడాలా" అని అడిగారు. అది గురువారం డాక్టరుగారు పిన్నిని చూసి చెప్పాల్సిన మాట. కాగితం మీద వేసిన రేంజికి బయట ఏమేం ఉన్నాయో మాత్రం రాస్తున్నా. బ్రాకెట్లో ఉన్నది ఆ ల్యాబ్ ఇచ్చిన రేంజి.

సీబీపీలో:
హిమోగ్లోబిన్ 10.4 (12.0–15.0), తక్కువ
పీసీవీ 32.6 (36–46), తక్కువ
ఎంసీవీ 74.6 (83–101), తక్కువ
ఎంసీహెచ్ 23.8 (27–32), తక్కువ
ఆర్‌డీడబ్ల్యూ 17.2 (11.6–14.0), ఎక్కువ
ప్లేట్‌లెట్లు 4.62 లక్షలు (1.5–4.1), ఎక్కువ. దీని పక్కన ల్యాబ్ వాళ్ళు ఏ గుర్తూ పెట్టలేదు, కానీ అంకె రేంజి బయటే ఉంది. డాక్టరుగారికి వేలు పెట్టి చూపించండి.

మిగతా పేజీల్లో:
టీఎస్‌హెచ్ 5.86 (0.40–4.20), ఎక్కువ
హెచ్‌బీఏ1సీ 5.9 (5.7 కన్నా తక్కువ ఉండాలని వేశారు), ఎక్కువ
ఫాస్టింగ్ షుగర్ 108 (70–99), ఎక్కువ. అయితే శాంపిల్ తీసిన సమయం ఉదయం 11:40 అని ఉంది. పిన్ని అప్పటిదాకా ఏమీ తినకుండానే ఉందా? మధ్యలో కాఫీ తాగి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి.

విటమిన్ డి, ఎల్‌డీఎల్ రెండింటికీ ఒకే రేంజి ఇవ్వకుండా మెట్లు మెట్లుగా వేశారు. విటమిన్ డి 17.4. అది "20 లోపు" అన్న గడిలో పడుతుంది. ఎల్‌డీఎల్ 112. అది 100–129 గడిలోది, అంటే 100 లోపు అన్న మొదటి గడి దాటింది.

క్రియాటినిన్, లివర్ పరీక్షలు, తెల్లకణాల మొత్తం, కాల్షియం రేంజిలోనే ఉన్నాయి.

ఒకటి మాత్రం చదవలేకపోయాను. రెండో పేజీలో ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా ఈఎస్ఆర్ మీద పడింది. మొదటి అంకె 1 నా 2 నా తెలియట్లేదు. రేంజి 0–20 కాబట్టి 18 అయితే లోపల, 28 అయితే బయట. ఊహించి రాయడం ఇష్టం లేక వదిలేశాను. కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి, ఫ్లాష్ లేకుండా ఆ పేజీ ఒక్కటీ మళ్ళీ తీసి పంపండి.

వీటిలో దేనికి ఏది కారణమో, ఏవి కలిపి చూడాలో నేను చెప్పను. పక్కింటావిడ చెప్పిందని ఐరన్ మాత్రలు మొదలుపెట్టకండి, ఇప్పుడు వేసుకుంటున్నవి ఆపకండి. ఆ మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి. పోయినేడాది రిపోర్టు బీరువాలో ఉంటే అదీ పట్టుకెళ్ళండి, అప్పటి అంకెలు పక్కన పెట్టి చూస్తారు.

ఈలోపు పిన్నికి ఆయాసం, గుండె దడ, కళ్ళు తిరగడం లాంటివి ఉంటే గురువారం దాకా ఆగకండి. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, నాకూ ఫోన్ చేయండి.